చోక్ తినే కరెంటు

మాసబ్ ట్యాంక్ నుంచి పంజాగుట్ట దాకా, అటు అమీర్‌పేట సందుల్లో కూడా, ముప్పై నలభై ఏళ్ల కిందట కట్టిన అపార్ట్‌మెంట్లు ఇంకా బోలెడున్నాయి. వాటిలో చాలాచోట్ల ఒక తమాషా కనిపిస్తుంది. పైన ఫ్లాట్లలో ఎవరికి వాళ్లు ఎల్ఈడీలు పెట్టించుకున్నారు. కింద సెల్లార్‌లో, మెట్ల మీద మాత్రం పాత ట్యూబ్‌లైట్లే వేలాడుతుంటాయి. చివర్లు నల్లబడి ఉంటాయి. ఏదో ఒకటి వెలగలేక ఆరలేక కొట్టుకుంటూనే ఉంటుంది. సెల్లార్ అందరిదీ కదా, అందుకని ఎవరికీ పట్టదు. నిజానికి ఆ మొత్తం భవనంలో అన్నిటికంటే ఎక్కువ గంటలు వెలిగే దీపాలు అవే. సాయంత్రం ఆరుకి వేస్తే మళ్లీ పొద్దున ఆరుకి వాచ్‌మన్ ఆర్పాల్సిందే.

ట్యూబ్‌లైటు తీసేసి ఎల్ఈడీ పెడితే కరెంటు ఆదా అవుతుందా అని ఇప్పుడెవరూ అడగరు. అది అందరికీ తెలిసిందే. అడగాల్సింది వేరే ఉంది. ఏ దీపం మారిస్తే పెట్టిన డబ్బు నాలుగు నెలల్లో తిరిగొస్తుంది, ఏది మారిస్తే పదహారేళ్లయినా రాదు? ఒకే ఇంట్లో, ఒకే ధర పెట్టి కొన్న రెండు లైట్ల మధ్య అంత తేడా ఉంటుంది. దానికి కారణం అట్ట పెట్టె మీద రాసి ఉండదు. దీపం ఎన్ని గంటలు వెలుగుతుంది, ఏ స్లాబులో ఉన్న యూనిట్లను తగ్గిస్తుంది అనే వాటిలో ఉంటుంది.

36 అంటే 36 కాదు

ముందుగా పాత దీపం అసలు ఎంత తింటుందో తేల్చాలి. నాలుగడుగుల సన్న ట్యూబు మీద 36 వాట్లు అని ఉంటుంది. అంతకు ముందు తరం లావు ట్యూబు మీద 40 అని ఉండేది. ఆ అంకె గాజు గొట్టానిది మాత్రమే. పట్టీ లోపల ఇనుప రేకుల మీద రాగితీగ చుట్టిన బరువైన చోక్ ఒకటి కూర్చుని ఉంటుంది. ట్యూబులో ఉన్న పాదరసపు ఆవిరిలోంచి కరెంటు ఒకసారి పారడం మొదలైతే దానంతట అది ఆగదు, పెరుగుతూనే పోతుంది. దానికి కళ్లెం వేసి పట్టుకునేది చోక్. ఆ పని చేస్తూ అది కాస్త వేడెక్కుతుంది, సన్నగా గుయ్‌మంటుంది. ఆ వేడి మీటరు లెక్కలో సుమారు 12 వాట్లు. ఎలక్ట్రీషియన్లను ఎవర్ని అడిగినా "చోక్ గుడ తింటది సార్" అనే చెబుతారు. అంటే 36 వాట్ల ట్యూబుకి మీటరు దగ్గర మనం కట్టేది 48 వాట్లకు.

నమ్మకం కుదరకపోతే మీ మీటరునే అడగొచ్చు. ఎలక్ట్రానిక్ మీటరు మీద చిన్న ఎర్రలైటు ఒకటి మిణుకుమంటూ ఉంటుంది. దాని పక్కనే `3200 imp/kWh` లాంటి అంకె ముద్రించి ఉంటుంది. ఒక్క యూనిట్ ఖర్చయ్యేసరికి ఆ లైటు 3200 సార్లు మిణుకుతుందని దానర్థం. ఇంట్లో ఫ్రిజ్, ఇన్వర్టర్, వైఫై పెట్టె, సెట్‌టాప్ బాక్సు అన్నీ ప్లగ్గులతో సహా తీసేసి, ఒక్క ట్యూబ్‌లైటు మాత్రం వేసి పది నిమిషాలు మిణుకులు లెక్కపెట్టండి. 25, 26 వస్తే 48 వాట్లన్నమాట. దాని బదులు 20 వాట్ల ఎల్ఈడీ ఒక్కటే వెలిగితే పది పదకొండుకు మించదు. మీ మీటరు మీద ఉన్న అంకె వేరైతే, పది నిమిషాల మిణుకుల్ని 6000తో హెచ్చవేసి, వచ్చినదాన్ని ఆ అంకెతో భాగించండి. నేరుగా వాట్లే వస్తాయి. ఇన్వర్టర్ తీయడం మరిచిపోతే మాత్రం లెక్కంతా తప్పుతుంది. బ్యాటరీ చార్జింగ్ ఒక్కటే ట్యూబుల్ని మింగేస్తుంది.

ఒక మినహాయింపు ఉంది. కొన్ని పట్టీల్లో ఇనుప చోక్ బదులు తేలికైన ఎలక్ట్రానిక్ చోక్ ఉంటుంది. స్విచ్ వేయగానే తడుముకోకుండా వెలిగి, గుయ్‌మనకుండా, స్టార్టర్ లేకుండా నడిచే ట్యూబు అదే. అది మొత్తం మీద 36 వాట్ల దగ్గరే ఆగుతుంది. మీ ఇంట్లో ఉన్నది ఇదైతే ఎల్ఈడీకి మారినా మిగిలేది 28 వాట్లు కాదు, 16 మాత్రమే. దుకాణం వాడు ఈ తేడా చెప్పడు. చెప్పాల్సిన అవసరం అతనికీ లేదు.

వెలుతురు తగ్గిందా, పెరిగిందా?

వాట్లు మనం కట్టే డబ్బు. వెలుతురును కొలిచేది ల్యూమెన్లలో. మామూలు తెల్లపొడి పూసిన 36 వాట్ల ట్యూబు కొత్తలో దాదాపు 2450 ల్యూమెన్ల వెలుతురిస్తుంది. చోక్‌ను కూడా కలుపుకుంటే ఒక్కో వాటుకు 51 ల్యూమెన్లు. బజారులో దొరికే 20 వాట్ల ఎల్ఈడీ బ్యాటన్ 2000 ల్యూమెన్లు ఇస్తుంది, అంటే వాటుకు వంద. దాదాపు రెట్టింపు పని.

అయితే 2450 ఎక్కడ, 2000 ఎక్కడ? వెలుతురు తగ్గినట్టే కదా? గొట్టంలోంచి వచ్చేదంతా లెక్కపెడితే తగ్గినట్టే. కానీ ట్యూబు చుట్టూ అన్ని దిక్కులకూ వెలుగు చిమ్ముతుంది. అందులో కొంత పట్టీకి తగిలి, కొంత పైకప్పుకు, గోడకు తగిలి సగం ప్రాణంతో మన దాకా వస్తుంది. ఎల్ఈడీ బ్యాటన్ వెలుగంతా ముందుకే పంపుతుంది. అందుకే బల్ల మీద పుస్తకం దగ్గర చూస్తే రెండూ ఇంచుమించు సమానంగానే ఉంటాయి. పైకప్పు మాత్రం కొంచెం మసకబారుతుంది. "లైటు మార్చాక హాలు డల్లుగా అయింది" అని ఇంట్లోవాళ్లు అనేది దీని గురించే, అందులో నిజం ఉంది. పెద్ద హాలుకు 20 వాట్ల చోట 24 వాట్లది తీసుకుంటే ఆ గొడవ తీరుతుంది. కొనేటప్పుడు అట్ట పెట్టె మీద వాట్లు చూసి ఊరుకోకుండా ల్యూమెన్లు కూడా చూడండి. ఆ అంకె అసలు ముద్రించని సరుకు జోలికి పోవద్దు.

పాత ట్యూబుకున్న ఇంకో లోపం వయసు. లోపలి పొడి నెమ్మదిగా నీరసిస్తుంది. 2006లో ఇంధన పొదుపు సంస్థ బీఈఈ స్టార్ గుర్తులు మొదలుపెట్టినప్పుడు తొలి జాబితాలోనే ట్యూబ్‌లైట్లు ఉన్నాయి. స్టార్లు ఇచ్చేటప్పుడు కొత్త ట్యూబును కొలిచి వదిలేయలేదు. వంద గంటలకు ఒకసారి, రెండు వేల గంటలకు ఒకసారి, మూడున్నర వేల గంటలకు మరోసారి వెలుతురు కొలవాలని పెట్టారు. ట్యూబు సంగతి తెలిసినవాళ్లు పెట్టిన నియమం అది.

రంగుల విషయం చెప్పాలంటే మాసబ్ ట్యాంక్‌లోనే దాని అవసరం బాగా తెలిసిన చోటు ఉంది. జవహర్‌లాల్ నెహ్రూ ఆర్కిటెక్చర్ అండ్ ఫైన్ ఆర్ట్స్ యూనివర్సిటీ. చిత్రకళ నేర్చుకునే పిల్లలకు వెలుతురు ఎంతుందన్నది ఒక్కటే చాలదు, ఎరుపు ఎరుపులా కనిపిస్తోందా లేదా అన్నది కూడా కావాలి. దాన్ని సీఆర్ఐ అనే అంకెతో చెబుతారు. ఎండలో కనిపించేదానికి వంద మార్కులు. పాత తెల్ల ట్యూబుకు 72 లోపే. మామూలు ఎల్ఈడీకి 80. రంగులు కలిపేవాళ్లూ, చీరలు అమ్మేవాళ్లూ, కుట్టుపని చేసేవాళ్లూ 90 ఉన్నది వెతుక్కోవాలి. ఇది ఖరీదెక్కువ, ల్యూమెన్లు కొంచెం తక్కువ. పడకగదికి అక్కర్లేదు.

నాలుగు నెలలు, రెండేళ్లు, పదహారేళ్లు

ఇప్పుడు లెక్కలోకి దిగుదాం. కోఠి ట్రూప్ బజారులోనో, మీ గల్లీ దుకాణంలోనో 20 వాట్ల మంచి కంపెనీ బ్యాటన్, దాన్ని బిగించే కూలీ కలిపి రూ.400 అనుకుందాం. పట్టీతో సహా పాతది తీసేసి ఇది పెడితే మిగిలేది 28 వాట్లు.

మాసబ్ ట్యాంక్‌లో పదిహేను ఫ్లాట్ల అపార్ట్‌మెంట్ ఒకటి తీసుకోండి. సెల్లార్‌లో, మెట్ల మీద కలిపి ఎనిమిది ట్యూబులు, రాత్రంతా పన్నెండు గంటలు. లిఫ్టు, నీళ్ల మోటారు కూడా అదే కామన్ మీటరు మీద ఉండటంతో నెలకు 500 యూనిట్లు కాలుతోంది. 2022లో సవరించిన తెలంగాణ ధరల ప్రకారం ఇళ్ల వాడకంలో 401 నుంచి 800 యూనిట్ల వరకు ఒక్కో యూనిట్ రూ.9.50. ఎనిమిది ట్యూబులూ మారిస్తే నెలకు 80 యూనిట్లు తగ్గుతాయి. తగ్గినవన్నీ ఆ రూ.9.50 మెట్టులోంచే పోతాయి, కింది మెట్లలోంచి కాదు. అంటే నెలకు రూ.766. పెట్టిన రూ.3200 నాలుగు నెలలు దాటీ దాటకముందే వచ్చేస్తుంది. ఆ తర్వాత ఏటా తొమ్మిది వేలు మెయింటెనెన్స్ ఖాతాలో మిగులుతాయి.

ఇక్కడ అసోసియేషన్లకు తెలియని నిబంధన ఒకటి ఉంది. కామన్ మీటరు ఇళ్ల కేటగిరీలో ఉండాలంటే భవనం విస్తీర్ణంలో సగమో, అంతకంటే ఎక్కువో నివాసాలే ఉండాలి. కింద దుకాణాలు, మొదటి అంతస్తులో క్లినిక్కు, రెండో అంతస్తులో కోచింగ్ సెంటరు వచ్చి నివాసాలు సగం కంటే తగ్గితే కామన్ మీటరు వాణిజ్య కేటగిరీలోకి వెళ్తుంది. అక్కడ 301 నుంచి 500 యూనిట్ల వరకు రూ.10.40. అమీర్‌పేట రోడ్ల మీద ఇలాంటివి ఎన్నో. ఖర్చు వాళ్లకు ఇంకా త్వరగా తిరిగొస్తుంది.

ఇప్పుడు అదే భవనంలో ఒక ఫ్లాటు. నెలకు 150 యూనిట్లు వాడే కుటుంబం. పడకగదిలో ట్యూబు రోజుకు నాలుగు గంటలు వెలుగుతుంది. మారిస్తే నెలకు మూడు యూనిట్ల పైచిలుకు తగ్గుతుంది. వీళ్ల పై మెట్టు ధర రూ.4.80 కనుక మిగిలేది పదహారు రూపాయలు. రూ.400 తిరిగి రావడానికి రెండేళ్లు దాటుతుంది. స్టోర్ రూములో రోజుకు అరగంట వెలిగే ట్యూబుకైతే నెలకు మిగిలేది రెండు రూపాయలు. పదహారేళ్లు! అప్పటికి ఆ ఎల్ఈడీ ఉంటుందో ఉండదో, మనం ఆ ఇంట్లో ఉంటామో ఉండమో. ఎలక్ట్రానిక్ చోక్ ఉన్న పడకగది ట్యూబుకు మూడున్నరేళ్లు. పాత ట్యూబు ఎలాగూ మాడిపోయింది, కొత్త ట్యూబు, స్టార్టర్ కొనక తప్పదు అన్నప్పుడు మాత్రం లెక్క మారుతుంది. ఆ ఖర్చు తీసేస్తే తేడా మూడు వందలే. అప్పుడు పడకగదికి ఏడాదిన్నర చాలు.

అన్నిటికంటే వింతైన లెక్క 200 యూనిట్ల గట్టు దగ్గర ఉంది. ఇంటి బిల్లు 200 దాటకపోతే మొదటి వంద యూనిట్లు రూ.3.40, తర్వాతి వంద రూ.4.80. ఒక్క యూనిట్ దాటినా మొదటి 200 యూనిట్లకూ రూ.5.10 చొప్పున, ఆపై దానికి రూ.7.70 పడుతుంది. 205 యూనిట్లు వాడే ఇల్లు రూ.1058 కడుతుంది. ఆ ఇంట్లో రోజుకు అయిదేసి గంటలు వెలిగే నాలుగు ట్యూబులు మారిస్తే నెలకు పదిహేడు యూనిట్లు తగ్గి 188కి దిగుతుంది. బిల్లు రూ.762. పదిహేడు యూనిట్లకు రూ.296 మిగిలినట్టు. అంటే ఆ యూనిట్లు ఒక్కోటీ పదిహేడు రూపాయల పైమాటే. నాలుగు లైట్ల రూ.1600 అయిదారు నెలల్లో వచ్చేస్తుంది. స్థిర చార్జీలు, సుంకం ఈ లెక్కలో కలపలేదు.

గృహజ్యోతి ఉన్నవాళ్లకు గట్టు ఇంకా నిటారు. 2024 నుంచి అర్హులైన ఇళ్లకు 200 యూనిట్ల దాకా బిల్లు సున్నా. దాటితే మొత్తం కట్టాలి. వేసవిలో ప్రతి నెలా 205 దగ్గర జారిపడే ఇంటికి నాలుగు ట్యూబులు మార్చిన ఖర్చు రెండు నెలల్లోపే వచ్చేస్తుంది. అదే పథకంలో ఉండి 150 యూనిట్లే వాడే ఇంటికి? ఎప్పటికీ రాదు. బిల్లే లేనప్పుడు మిగలడానికేముంది. మిగిలేది ప్రభుత్వానికి. ఆ ఇంటికి ఎల్ఈడీ కొనమని నేనైతే చెప్పను, ప్రభుత్వమే కొనివ్వాలి.

అలా ఇచ్చిన దాఖలాలు లేకపోలేదు. 2015 జనవరిలో మొదలైన ఉజాలా పథకంలో కేంద్ర ప్రభుత్వ రంగ సంస్థ ఈఈఎస్ఎల్ 20 వాట్ల ఎల్ఈడీ ట్యూబును రూ.220కి అమ్మింది. 2014 అక్టోబరులో హుద్‌హుద్ తుఫాను విశాఖను కుదిపేశాక అక్కడి వీధి దీపాలను ఎల్ఈడీలుగా మార్చింది కూడా ఆ సంస్థే. తర్వాత 2017లో జీహెచ్ఎంసీతో ఒప్పందం చేసుకుని హైదరాబాద్ వీధుల్లో నాలుగు లక్షలకు పైగా దీపాలు మార్చింది. ముందు సంస్థ పెట్టుబడి పెడుతుంది, తగ్గిన కరెంటు బిల్లులోంచి వాయిదాలుగా తీసుకుంటుంది. అపార్ట్‌మెంట్ అసోసియేషన్‌కు ఈ పద్ధతే సరిపోతుంది. పైగా ఇక్కడ వాయిదాలు నాలుగే.

పాతిక వేల గంటలు ఎవరు చూశారు?

పెట్టె మీద 25,000 గంటల ఆయుష్షు అని రాసి ఉంటుంది. సెల్లార్‌లో పన్నెండు గంటల చొప్పున అయితే అయిదేళ్ల ఎనిమిది నెలలు. పడకగదిలో పదిహేడేళ్లు. ఆ అంకె చెప్పేది ఎల్ఈడీ గింజల గురించి. అన్ని గంటలు వెలిగాక వాటి వెలుతురు కొత్తలో ఉన్నదానిలో 70 శాతానికి దిగుతుందని దానర్థం. కానీ మన ఇళ్లలో గింజలు ముసలివై చచ్చిన ఎల్ఈడీని చూసినవాళ్లు అరుదు. ముందు పోయేది లోపలి డ్రైవర్. ఇంటి కరెంటును గింజలకు పనికొచ్చేలా మార్చే చిన్న సర్క్యూటు అది. అందులో ఉండే స్థూపాకారపు కెపాసిటర్ వేడికి ఎండిపోతుంది. పది డిగ్రీల వేడి పెరిగితే దాని ఆయుష్షు సుమారు సగానికి పడిపోతుంది. వెంటిలేటర్ లేని వంటింట్లో పొయ్యి పైన, మూసేసిన ఫాల్స్ సీలింగ్‌లో పెట్టిన లైట్లు ముందు పోవడం అందుకే.

గుర్తుపట్టడం కష్టం కాదు. లైటు కొన్ని నిమిషాలు వెలిగి ఆరిపోయి మళ్లీ వెలుగుతోందంటే, లేదా సన్నగా వణుకుతోందంటే డ్రైవర్ పోతున్నట్టు. వరసలో ఒక ముక్క మాత్రమే చీకటిగా ఉండి దాని మీద నల్లచుక్క కనిపిస్తే గింజ మాడినట్టు. స్విచ్ ఆపేశాక కూడా మిణుకుమిణుకుమంటుంటే లైటుది తప్పు కాదు. స్విచ్ ఫేజుకు బదులు న్యూట్రల్‌ను తెంపుతోంది, లేదా స్విచ్‌లోని ఇండికేటర్ లైటులోంచి కాస్త కరెంటు కారుతోంది. ఒక్క గాలివానకు ఇంట్లో లైట్లన్నీ ఒకేసారి పోయాయంటే బయట న్యూట్రల్ తెగి 230 వోల్టుల చోట 400 దాకా వచ్చి ఉంటుంది. దాన్ని ఇనుప చోక్ కాసేపైనా తట్టుకుంటుంది గానీ ఎల్ఈడీ తట్టుకోదు. ఈ ఒక్క విషయంలో పాతదే మొండిది. పెట్టె మీద 4 కేవీ సర్జ్ ప్రొటెక్షన్ అని ఉన్నది కొంటే ఉరుముల తాకిడికి పనికొస్తుంది, న్యూట్రల్ తెగినప్పుడు కాదు.

ట్యూబు చావు వేరే రకం. ప్రతిసారీ స్టార్టర్ టక్కుమని వెలిగించేటప్పుడు రెండు చివరల ఫిలమెంట్ల మీద పూత కొంచెం రాలుతుంది. చివర్లు నల్లబడటం ఆ పూతే. మామూలు ట్యూబు అయిదు వేల గంటలు వచ్చిందంటే తన పని తాను చేసినట్టు. సెల్లార్‌లో అది ఏడాదిన్నర కూడా కాదు.

అందుకని నేను 25,000 అంకెను పక్కన పెట్టి వారంటీని నమ్ముతాను. మంచి కంపెనీలు సాధారణంగా ఇచ్చేది రెండేళ్లు. పెట్టిన డబ్బు వారంటీ లోపలే తిరిగొచ్చే దీపాన్ని, పాతది బాగా వెలుగుతున్నా సరే, తీసేయొచ్చు. వారంటీ తర్వాత వచ్చేదాన్ని పాతది పోయేదాకా ముట్టుకోనక్కర్లేదు. బిగించేటప్పుడు బ్యాటన్ మీదే మార్కర్‌తో తేదీ రాయించి, బిల్లు ఫొటో తీసి పెట్టుకోండి. సెల్లార్ లైట్ల బిల్లు అయితే అసోసియేషన్ వాట్సాప్ గ్రూపులో పెట్టండి. కార్యదర్శి మారినా బిల్లు పోదు.

పట్టీతో సహా తీసేయండి

పాత పట్టీ ఉంచి గొట్టం మాత్రం ఎల్ఈడీ ట్యూబుగా మార్చుకుంటే యాభై వంద మిగులుతుంది. నేను వద్దంటాను. చాలా ఎల్ఈడీ ట్యూబులకు ఫేజు, న్యూట్రల్ రెండూ ఒకే చివర ఇవ్వాలి. అక్కడ `L`, `N` అని రాసి ఉంటుంది. అందుకోసం చోక్, స్టార్టర్ తీసేసి వైర్లు మార్చాలి. ఆ తర్వాత ఏ అద్దెకొచ్చినవాళ్లో తెలియక అందులో మామూలు ట్యూబు పెడితే ఫిలమెంట్ మీదుగా నేరుగా షార్ట్ అవుతుంది. పట్టీతో కలిపి వచ్చే బ్యాటన్‌లో ఈ తికమక లేదు.

తీసిన ట్యూబులను కచరా బండిలో విరిచి పడేయకండి. ప్రతి గొట్టంలో కొన్ని మిల్లీగ్రాముల పాదరసం ఉంటుంది. ఇంట్లో పగిలితే కిటికీలు తెరిచి, పిల్లల్ని బయటికి పంపి, కాసేపాగి ముక్కల్ని అట్టతో ఎత్తి, తడి కాగితంతో తుడవాలి. చీపురు, వాక్యూమ్ క్లీనర్ వాడకూడదు. పగలనివాటిని కొత్త బ్యాటన్లు వచ్చిన అట్టపెట్టెల్లోనే పెట్టి ఈ-వేస్ట్ తీసుకునేవాళ్లకు ఇవ్వాలి.

ఆ పాదరసం వల్లే ట్యూబ్‌లైటుకు కాలం చెల్లుతోంది. భారత్ కూడా సభ్యురాలైన మినమాటా ఒప్పందం దేశాలు 2023లో జెనీవాలో కూర్చుని, తెల్లపొడి ట్యూబుల తయారీ, ఎగుమతి, దిగుమతులకు 2026ను, మేలురకం ట్యూబులకు 2027ను గడువుగా పెట్టుకున్నాయి. స్టోర్ రూములో అరగంట వెలిగే మీ ట్యూబును ఉంచుకోండి. అది మాడిన రోజున మాత్రం కొత్త ట్యూబు కోసం ట్రూప్ బజారంతా తిరగకండి.